హేతుబద్ధ ఎంపిక సిద్ధాంతం: ట్యూషన్ ఖర్చు వెనుక లెక్క

మనిషి తన ముందున్న దారుల్లో ఒక్కోదానివల్ల వచ్చేదెంత, పోయేదెంత అని బేరీజు వేసుకుని, తనకు ఎక్కువ మేలు చేస్తుందనుకున్న దారినే పడతాడని చెప్పే ఆలోచనా విధానాన్ని హేతుబద్ధ ఎంపిక సిద్ధాంతం అంటారు. ఆర్థికశాస్త్రంలో పుట్టి రాజనీతిశాస్త్రానికీ, సమాజశాస్త్రానికీ పాకిన ఈ సిద్ధాంతం ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చింది మాత్రం గ్యారీ బెకర్ చేతుల మీదుగా. 1964లో వచ్చిన ‘హ్యూమన్ క్యాపిటల్’ పుస్తకంలో ఆయన చదువును ఖర్చుగా కాక పెట్టుబడిగా చూపించాడు. 1981లో వచ్చిన కుటుంబ అధ్యయనంలో పెళ్లి, పిల్లల సంఖ్య, పిల్లల మీద పెట్టే డబ్బు అన్నిటినీ అదే తక్కెడలో తూచాడు.

బడి ఫీజు కట్టి, ఆపైన మళ్లీ ట్యూషన్‌కో కోచింగ్‌కో కట్టే కుటుంబాలు ఈ సిద్ధాంతానికి మంచి పరీక్ష. బడికి పంపడం అలవాటు కావచ్చు, చట్టం కావచ్చు. ట్యూషన్‌కు పంపమని ఏ చట్టమూ చెప్పదు. జేబులోంచి తీసి, ఆలోచించి, కట్టే డబ్బది. బడి వెంట నీడలా నడుస్తుంది గనుక పరిశోధకులు దీన్ని నీడ విద్య అంటున్నారు. 1992లో జపాన్ మీద డేవిడ్ స్టీవెన్సన్, డేవిడ్ బేకర్ రాసిన పత్రం, 1999లో మార్క్ బ్రే యునెస్కో సంస్థ కోసం రాసిన పుస్తకం ఈ మాటను వాడుకలోకి తెచ్చాయి. మన దేశంలో 2025 నాటి జాతీయ విద్యా సర్వే ప్రకారం బడి చదువులో ఉన్న పిల్లల్లో 27 శాతం మంది ఆ ఏడాది ఏదో ఒక ప్రైవేటు కోచింగ్ తీసుకున్నారు.

ఇన్ని ఇళ్లు ఒకే పని చేస్తున్నాయంటే దానికి కారణం ఉండి తీరాలని ఈ సిద్ధాంతం అంటుంది. ఆ కారణం లెక్కలో దొరుకుతుందా, లెక్క బయట దొరుకుతుందా అన్నదే ఇక్కడి చర్చ.

ఒక నోటుపుస్తకంలో లెక్క

పల్నాడులో మిర్చి వేసే ఒక రైతు ఇంటిని ఊహించుకుందాం. కూతురు బైపీసీ పూర్తిచేసి నీట్ రాసింది. సీటు అంచుదాకా వచ్చి ఆగిపోయింది. జూన్ నెలలో వసారాలో మంచం మీద కూర్చుని, ఎరువుల కొట్టువాడిచ్చిన డైరీలో తండ్రి లెక్క రాస్తున్నాడు. ఎదురుగా బావమరిది. అమ్మాయిని లాంగ్‌టర్మ్‌లో వేయాలా, లేక ఇంట్లో చదివిస్తూ మరోసారి రాయించాలా అన్నది మాట.

ఈ ఉదాహరణలోని అంకెలన్నీ లెక్క తెలియడానికి వేసుకున్నవే. హాస్టల్‌తో కలిపి లాంగ్‌టర్మ్ ఫీజు 2 లక్షలు. ఒక ఏడాది ఆలస్యంవల్ల పోయే సంపాదన మరో 2 లక్షలు. ఎందుకంటే ఇంట్లో ఉంటే ఏదో ఒక డిగ్రీలో చేరి చదువుకుంటూనే నీట్ కూడా రాయవచ్చు, లాంగ్‌టర్మ్‌లో ఆ వీలు లేదు. ఇలా చేతికి రాకుండా పోయేదాన్ని ఆర్థికశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది. ఇళ్లలో చాలామంది ఫీజును లెక్కవేస్తారు గాని, దీన్ని మరిచిపోతారు. ప్రభుత్వ కోటాలో సీటు వస్తే, రాకపోతే అన్న రెండు జీవితాల మధ్య తేడాను, ఆమె సంపాదన మొదలయ్యే రోజుకు కట్టి 40 లక్షలు అనుకుందాం.

ఇక అసలు అంకె, అవకాశం. లాంగ్‌టర్మ్‌లో చదివితే సీటు వచ్చే అవకాశం 25 శాతం అనుకుందాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోచింగ్ విలువ ఆ 25 శాతం కాదు. ఆ అమ్మాయి ఇంటి దగ్గరే పాత పుస్తకాలతో కష్టపడితే 10 శాతం అవకాశం ఉందనుకుంటే, కోచింగ్ తెచ్చిపెట్టింది మిగిలిన 15 మాత్రమే. 40 లక్షల్లో 15 శాతం అంటే 6 లక్షలు. కోచింగ్‌వల్ల రావచ్చని ఆశించగల లాభం అది.

డబ్బు బ్యాంకులో ఉన్న ఇంటికి ఆ 2 లక్షలు ఏడేళ్లు 7 శాతం వడ్డీ మీద ఉంటే, చక్రవడ్డీ వదిలేసినా, సుమారు 3 లక్షలయ్యేవి. ఆలస్యం ఖర్చు 2 లక్షలు కలిపితే 5 లక్షలు. వచ్చేది 6, పోయేది 5. ఆ ఇల్లు అమ్మాయిని పంపడం హేతుబద్ధం.

మన రైతు దగ్గర బ్యాంకు డబ్బు లేదు. రెండు రూపాయల వడ్డీకి తేవాలి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు ఏడాదికి 48 వేలు, ఏడేళ్లకు 3 లక్షల 36 వేలు. అసలుతో కలిపి 5 లక్షల 36 వేలు, ఆలస్యంతో కలిపి 7 లక్షల 36 వేలు. వచ్చేది 6, పోయేది 7.36. అదే కోచింగ్, అదే తెలివి ఉన్న పిల్ల, అదే సీటు. వడ్డీ ఒక్కటి మారితే లెక్క తిరగబడింది.

బెకర్ సిద్ధాంతపు బలం ఇక్కడ కనిపిస్తుంది. పేదలు పిల్లల చదువు మీద తక్కువ పెడతారంటే వాళ్లకు చదువు విలువ తెలియదని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఈ లెక్క ఆ మాటను కొట్టిపారేస్తుంది. విలువ తెలిసినా, అప్పు ఖరీదైనప్పుడు వెనక్కి తగ్గడమే తెలివైన పని. లోపం మనిషిలో లేదు, అప్పు దొరికే తీరులో ఉంది. పేదవాడి నిర్ణయానికి ఇంత గౌరవం ఇచ్చినందుకు ఈ సిద్ధాంతానికి నేను రుణపడి ఉన్నాననుకుంటాను.

మూడో ఇల్లు ఇంకొకటుంది. గుంటూరులో మంచి ప్రాక్టీసున్న డాక్టరుగారిది. ఆయన కొడుక్కు ప్రభుత్వ కోటాలో సీటు రాకపోతే ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా ఉంది. దాని ఫీజు ఏడాదికి 10 లక్షలు దాటుతుంది. అంటే ఆయనకు కోచింగ్ కొనిపెట్టేది డాక్టరు చదువును కాదు, ఆ చదువు మీద యాభై లక్షల చిల్లర తగ్గింపును. రైతుకు ఆ చదువు వస్తుందా రాదా అన్న ప్రశ్న, డాక్టరుగారికి ఎంతకొస్తుంది అన్న ప్రశ్న. ఒకే తరగతి గదిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లల ఇళ్లు రెండు వేర్వేరు వస్తువులు కొంటున్నాయి. కోచింగ్ మీద సగటు ఖర్చుల పట్టికలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

కాని కథ ఇక్కడితో ఆగదు. లెక్క ప్రకారం పంపకూడని మన రైతు డైరీ మూసి, “ఎట్లో ఒకట్ల చేద్దాంలే బావా, అమ్మాయి చదువు ఆగగూడదు” అంటాడు. అప్పు తెస్తాడు. ఇలాంటి ఇళ్లు తెలుగు నేల మీద కొల్లలు. సిద్ధాంతం మీద విమర్శలన్నీ ఈ ఒక్క మాటను అర్థం చేసుకునే ప్రయత్నాలే.

ఆ 25 శాతం ఎక్కడిది?

మొదటి విమర్శ సిద్ధాంతానికి అన్నిటికంటే దగ్గరిది. లెక్క సరైనదే కావచ్చు, అందులో వేసిన అంకె తప్పు. హెర్బర్ట్ సైమన్ 1950ల్లోనే చెప్పాడు: మనిషికి అన్ని దారులూ తెలియవు, అన్నిటినీ తూచే సమయమూ శక్తీ ఉండవు. అందుకే శ్రేష్ఠమైనదాని కోసం వెతకడు, ‘ఇది ఫరవాలేదు’ అనిపించినచోట ఆగిపోతాడు. దీన్ని పరిమిత హేతుబద్ధత అన్నాడు. మన రైతు రాష్ట్రంలోని కోచింగ్‌లన్నిటినీ పోల్చి చూడడు. పక్కింటి అబ్బాయి చదివిన చోటుకే వెళ్తాడు. లేదా ఇంటి తలుపు తట్టి, ఫీజులో రాయితీ ఇస్తామని అడ్మిషన్ రాసుకుని వెళ్లే పీఆర్‌వో మాట వింటాడు.

ఇక ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా ర్యాంకుల ఫొటోలు. ఆ ప్రకటనను కాస్త దగ్గరగా చూడండి. వచ్చిన ర్యాంకులెన్నో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ సంస్థ తరఫున ఎంతమంది రాశారో ఉండదు. భిన్నంలో పైన ఉన్న అంకె మాత్రమే మనకు కనబడుతుంది. 2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైనే. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు ప్రైవేటువి కలిపినా సుమారు లక్షా పది వేలు. ఈ అంకెల జత ఏ ప్రకటనలోనూ కనిపించదు. రైతు మనసులోని 25 శాతం అక్కడ చూసిన ముఖాల నుంచి తయారైంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ ర్యాంకులు కోచింగ్‌వల్ల వచ్చాయా, లేక ర్యాంకు వచ్చే పిల్లలనే ఏరి, ఫీజు తగ్గించి, ప్రత్యేక సెక్షన్‌లో కూర్చోబెట్టారా? పరిశోధకులకు కూడా దీన్ని విడదీయడం కష్టం. కోచింగ్‌కు వెళ్లే పిల్లలు, వెళ్లని పిల్లలు మొదటినుంచే ఒకేలాంటివాళ్లు కారు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష మీద డెరెక్ బ్రిగ్స్ 2001లో ఈ తేడాలను లెక్కలోకి తీసుకుని చూశాడు. సంస్థలు వంద మార్కులకు పైగా పెంచుతామని చెప్పుకుంటుంటే, కోచింగ్‌వల్ల పెరిగినవి 1600 మార్కులకు ముప్పై లోపే అని తేలింది. ఆ ఫలితం నీట్‌కు యథాతథంగా వర్తిస్తుందని నేననను. శాట్ సాధారణ ప్రతిభను కొలిచే పరీక్ష, నీట్ సిలబస్‌ను కొలిచే పరీక్ష. సిలబస్ మీద గంటలు వెచ్చిస్తే ఫలితం ఎక్కువే ఉండవచ్చు. కాని ఎవరు చెప్పిన పెరుగుదలనైనా ఏరివేత ప్రభావం తీసేశాకే నమ్మాలన్న పాఠం మాత్రం రెంటికీ ఒకటే.

తల్లిదండ్రులకు తమ పిల్లల స్థాయి గురించి కూడా సరైన అంచనా ఉండదు. మలావీ దేశంలో రెబెక్కా డిజాన్-రాస్ చేసి 2019లో ప్రచురించిన ప్రయోగం ఇది బాగా చూపింది. పిల్లల పరీక్ష ఫలితాలను తల్లిదండ్రులకు అర్థమయ్యేలా వివరించగానే, వాళ్లు ఏ స్థాయి పుస్తకాలు కొనాలి, ఏ బిడ్డ మీద ఎక్కువ పెట్టాలి అన్న నిర్ణయాలు మార్చుకున్నారు. అంచనాల్లో తప్పులు ఎక్కువగా ఉన్నది చదువుకోని తల్లిదండ్రులకే. ఇది సిద్ధాంతాన్ని కొంత కాపాడుతుంది కూడా. సమాచారం మారితే నిర్ణయం మారిందంటే, లెక్క వేసే బుద్ధి మొదటినుంచీ ఉన్నట్టే కదా.

పోగొట్టుకుంటామన్న భయం

డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇంకాస్త లోతుకు వెళ్తుంది. తప్పు అంకెలో కాదు, అంకెను మనసు తూచే తీరులోనే ఉందంటుంది. మనిషి లాభనష్టాలను తానున్న చోటి నుంచి కొలుస్తాడు. వంద రూపాయలు రావడంలో ఉన్న సంతోషం కంటే వంద పోవడంలో ఉన్న బాధ పెద్దది. నష్టం ఖాయమనిపించినప్పుడు, దాన్ని తప్పించుకోవడానికి మామూలుగా ఒప్పుకోని జూదానికి కూడా ఒప్పుకుంటాడు. పైగా చిన్న అవకాశాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా చూస్తాడు.

ఇప్పుడు రైతును మళ్లీ చూడండి. అమ్మాయి పొలానికే పరిమితమవడం ఆయన దృష్టిలో ‘ఉన్నచోటే ఉండటం’ కాదు, నష్టం. మిర్చి ధర ఒక ఏడు ఉండి ఒక ఏడు లేకపోవడం ఆయన చూశాడు. కదలకుండా ఉంటే మునుగుతామన్న భావన ఉన్నవాడికి 7.36 ఇచ్చి 6 కొనడం మూర్ఖత్వంగా తోచదు.

ఈ ఆలోచనకు సమాజశాస్త్రంలో ఒక తోబుట్టువు ఉంది. 1997లో రిచర్డ్ బ్రీన్, జాన్ గోల్డ్‌థార్ప్ అన్నారు: కుటుంబాలు అన్నిటికంటే ముందుగా చూసుకునేది పిల్లలు పైకి ఎగబాకడం కాదు, తమకంటే కిందికి జారకపోవడం. హేతుబద్ధ ఎంపికను వదలకుండానే దాని లక్ష్యాన్ని మార్చిన సవరణ ఇది. డాక్టరుగారి కొడుకు డాక్టరు కాకపోతే అది జారడం. అందుకే ఆ ఇంట్లో ఖర్చుకు హద్దుండదు. గుమాస్తా కూతురికి ఒక డిగ్రీ, ఒక ఉద్యోగం వస్తే జారలేదు, చాలు. డబ్బున్నవాళ్లు ఎందుకు ఎక్కువ పెడతారన్నదానికి ‘డబ్బుంది గనుక’ అన్న జవాబుకంటే ఇది ఒక మెట్టు ముందుకు వెళ్తుంది. మన రైతుకు మాత్రం ఇది పూర్తిగా సరిపోదు. ఆయన కింది మెట్టు అని ఎంచుకున్నది తన స్థానాన్ని కాదు, తన స్థానంనుంచి బయటపడటాన్ని.

లాంగ్‌టర్మ్‌లో ఇంకో లోతైన గుంట ఉంది. మొదటి ఏడాది లాంగ్‌టర్మ్ అయ్యాక కూడా సీటు రాకపోతే, రెండో ఏడాది వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. సిద్ధాంతం నియమం స్పష్టం: పోయిన 2 లక్షలు పోయాయి, ఇకపై పెట్టేదానికి వచ్చేదెంతో మాత్రమే చూడు. ఇంట్లో మాట మరోలా ఉంటుంది. “ఇంత పెట్టి ఇప్పుడు వదిలేస్తే పెట్టిందంతా బూడిదలో పోసినట్టే గదా” అంటారు. పోయిన డబ్బు మరింత డబ్బును పిలుస్తుంది. సిద్ధాంతాన్ని అంకెలతో కొట్టిపారేయగలిగే చోట్లలో ఇది ఒకటి. ఎందుకంటే మొదటి ప్రయత్నం ఫలితం చేతిలో ఉన్నాక అవకాశం గురించిన అంచనా తగ్గాలి, పెరగకూడదు.

అందరూ పరుగెత్తితే

ఇంతవరకు చూసిన విమర్శలు ఒక ఇంటి గురించి. ఇళ్లన్నీ కలిసినప్పుడు వచ్చే చిక్కు వేరు. ఫ్రెడ్ హిర్ష్ 1976లో కొన్ని వస్తువుల విలువ మనకెంత ఉందన్నదాని మీద కాక, ఇతరులకంటే ఎంత ముందున్నామన్నదాని మీద ఉంటుందని చూపించాడు. ర్యాంకు అలాంటిది. ఐదు వేలో ర్యాంకు ఒక్కటే ఉంటుంది. అందరూ రెండు గంటలు అదనంగా చదివితే అందరి మార్కులూ పెరుగుతాయి, సీట్లు పెరగవు.

మన హైదరాబాదులోనే దీని ఆనవాలు ఉంది. చుక్కా రామయ్యగారు నల్లకుంటలో ఐఐటీ శిక్షణ నడిపిన రోజుల్లో, అందులో చేరడానికే ప్రవేశపరీక్ష ఉండేది. క్రమంగా ఆ ప్రవేశపరీక్షకు శిక్షణ ఇచ్చే చోట్లు పుట్టాయి. శిక్షణకు శిక్షణ. ఇంటర్‌లో మొదలైన పరుగు తొమ్మిదికి, ఎనిమిదికి, ఇప్పుడు ఆరో తరగతిలో ఫౌండేషన్ పేరుతో ఇంకా కిందికి జరిగింది. ఏ ఇల్లూ తప్పు చేయలేదు. పక్కవాడు ముందే మొదలుపెట్టాక నువ్వు ఆలస్యంగా మొదలుపెట్టడం నష్టమే. ఒక్కొక్కరికీ తెలివైన పని అందరికీ కలిపి దండగ కావడాన్ని హేతుబద్ధ ఎంపిక సిద్ధాంతమే ఆటల సిద్ధాంతం సాయంతో బాగా వివరిస్తుంది. అందుకే దీన్ని సిద్ధాంతం ఓటమి అనలేం. ‘ప్రతివాడూ తన మేలు చూసుకుంటే అందరికీ మేలు’ అన్న నమ్మకం ఓడిందని మాత్రం అనగలం.

దీన్ని నిజంగా పరీక్షకు పెట్టిన దేశం దక్షిణ కొరియా. 1980 జూలై 30న అక్కడి సైనిక పాలకులు ప్రైవేటు ట్యూషన్లను నిషేధించారు. పందెంలో అందరినీ ఒకేసారి ఆపితే ఎవరూ వెనకబడరన్నది ఆలోచన. సిద్ధాంతం ప్రకారం కూడా అది సరైన మందే. కాని పందెపు బహుమతి అలాగే ఉంచి పరుగును మాత్రం ఆపారు. పేరున్న విశ్వవిద్యాలయంలో సీటుకున్న విలువ తగ్గలేదు. దొంగచాటు ట్యూషన్లు నడిచాయి, పట్టుబడితే శిక్ష ఉంది గనుక వాటి ధర పెరిగింది, ఆ ధర పెట్టగలిగినవాళ్లకే అవి దక్కాయి. మెల్లగా సడలింపులు వచ్చాయి. చివరికి 2000 ఏప్రిల్ 27న రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తరువాత సియోల్‌లో కోచింగ్ కేంద్రాలను రాత్రి పదింటికి మూసేయాలన్న నియమం వచ్చింది.

2024లో ఆ దేశంలో బడి పిల్లల్లో 80 శాతం ప్రైవేటు ట్యూషన్ తీసుకున్నారు. మొత్తం ఖర్చు 29 లక్షల 20 వేల కోట్ల వన్‌లు. జననాలు పడిపోయి విద్యార్థుల సంఖ్య ఏటా తగ్గుతున్నా ఖర్చు ముందటి ఏడాదికంటే పెరిగింది. నెలకు 80 లక్షల వన్‌లకు పైన సంపాదించే ఇళ్లు ఒక్కో బిడ్డ మీద నెలకు 6 లక్షల 76 వేలు పెడితే, 30 లక్షల లోపు సంపాదించే ఇళ్లు 2 లక్షల 5 వేలు పెట్టాయి. బెకర్ ఇక్కడ కూడా ఒక మాట చెప్పగలడు: పిల్లలు తగ్గితే ఒక్కో బిడ్డ మీద ఖర్చు పెరుగుతుందని ఆయన ముందే అన్నాడు. కాని కొరియాలో బాణం రెండు వైపులా తిరిగిందని చెప్పడం న్యాయం. ఒక్క బిడ్డ చదువుకే ఇంత కావాలంటే రెండో బిడ్డ వద్దనుకుంటున్న జంటలు కూడా అక్కడ ఉన్నాయి.

లెక్కలో పేరు లేని మనిషి

ఇప్పటిదాకా ‘ఇల్లు నిర్ణయించింది’ అంటూ వచ్చాం. ఇల్లు నిర్ణయించదు, ఇంట్లో ఎవరో నిర్ణయిస్తారు. బెకర్ కుటుంబానికి అందరి మేలూ కోరే ఒక పెద్దను ఊహించుకుని, ఆ పెద్ద ఇష్టాన్నే కుటుంబం ఇష్టంగా తీసుకున్నాడు. మన డైరీలో ఫీజు ఉంది, వడ్డీ ఉంది, పోయే ఏడాది ఉంది. ఆ అమ్మాయి తెల్లవారుజామున ఐదింటికి లేచి రాత్రి పదిన్నరదాకా స్టడీ అవర్‌లో కూర్చోవడం లేదు. ఆమెకు వ్యవసాయ డిగ్రీ ఇష్టమేమో అన్నది లేదు. ఆ రోజు వసారాలో లెక్క జరుగుతుంటే ఆమె లోపలి గదిలో ఉంది. కట్టేది ఒకరు, మోసేది మరొకరు అయినప్పుడు లాభనష్టాల మొత్తం వేయడమే తప్పని విమర్శకులు అంటారు. ఈ విమర్శకు సిద్ధాంతం దగ్గర సరైన జవాబు ఉందని నేననుకోను. కుటుంబసభ్యుల మధ్య బేరసారాల నమూనాలు తరువాత వచ్చాయి గాని, బేరంలో గొంతు లేని పిల్లల సంగతి వాటిలోనూ అంచునే మిగిలింది.

అమ్మేవాడి వైపు కూడా చూడాలి. సీమా జయచంద్రన్ 2014లో నేపాల్ మీద ప్రచురించిన పరిశోధన, బడిపంతులే తన తరగతి పిల్లలకు డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పగలిగితే, బడిలో పాఠం పలచబడుతుందని చూపింది. ట్యూషన్‌కు గిరాకీ పెరగాలంటే తరగతిలో కొంత మిగల్చాలి. అప్పుడు తల్లిదండ్రులు కొంటున్నది అదనపు చదువు కాదు, తమకు రావలసి ఉండీ రానిది. వాళ్ల లెక్క తప్పు కాదు. లెక్క వేసుకోవలసిన పరిస్థితిని ఎవరు తయారుచేశారన్నది ఆ లెక్కలో లేదు.

అన్నిటికీ జవాబు చెప్పే ప్రమాదం

అమర్త్య సేన్ 1977లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, మనిషి తన మేలు కోసం చేసే పనికీ, ఒక కట్టుబాటు కోసం చేసే పనికీ తేడా చూపించాడు. తెలుగు ఇళ్లలో ఆ కట్టుబాటుకు ఒక మాట ఉంది: “మా వంతు మేం చేశాం.” సీటు రాకపోయినా ఆ మాట అనగలగడం కోసం తెచ్చిన అప్పులెన్నో. రేపు పిల్ల “అప్పుడు నన్ను చేర్పించి ఉంటే” అంటుందేమోనన్న భయానికి ఫీజు కట్టిన తండ్రి సీటును కొనలేదు, ఆ మాట వినకుండా ఉండటాన్ని కొన్నాడు.

సిద్ధాంతాన్ని సమర్థించేవారు దీనికి వెంటనే జవాబు చెబుతారు. మనశ్శాంతి కూడా ఒక లాభమే, దానికి 1 లక్షా 36 వేలు విలువ కట్టండి, 6 లక్షలకు కలపండి, లెక్క సరిపోతుంది. సరిపోతుంది, నిజమే. ఏ లెక్కైనా అలా సరిపోతుంది. తేడా వచ్చిన ప్రతిచోటా కనిపించని లాభాన్ని ఒకదాన్ని చేర్చుకుంటూ పోతే, తప్పని తేలే అవకాశమే లేని సిద్ధాంతం మిగులుతుంది. డొనాల్డ్ గ్రీన్, ఇయాన్ షపీరో 1994లో రాజనీతిశాస్త్రంలో ఈ సిద్ధాంతం వాడకం మీద చేసిన తీవ్ర విమర్శలోనూ ఇదే ప్రధానాంశం: ఫలితం చూశాక కారణం అల్లడం. పియరీ బూర్డ్యూ మరో దారిన వచ్చి ఇదే చోటికి చేరాడు. కుటుంబాలు చేసేది లెక్క కాదు, పుట్టి పెరిగిన వాతావరణం ఒంటికి పట్టించిన అలవాటు అన్నాడాయన. డాక్టరుగారింట్లో నీట్ రాయడం ఎప్పుడూ నిర్ణయం కాలేదు, అది అన్నం తినడమంత సహజం.

అందుకని ఈ వివరణల్లో ఏది నిజమో మాటలతో తేలదు. వేర్వేరు వివరణలు వేర్వేరు ఫలితాలను ముందుగా చెప్పేలా చూసుకోవాలి. రైతు తప్పు అంచనాతో పంపుతున్నాడనుకుంటే, సంస్థవారీగా ఎంతమంది రాశారు, ఎంతమందికి సీటు వచ్చిందో తప్పనిసరిగా ప్రకటింపజేస్తే చేరేవారు తగ్గాలి. పరుగు పందెమే కారణమైతే ఆ సమాచారంతో ఏమీ మారదు, సీట్లు పెరిగితేనో సీటుకూ సీటుకూ మధ్య విలువ తేడా తగ్గితేనో మారాలి. అప్పు ధరే అడ్డయితే చవక వడ్డీ రుణం రాగానే పేద ఇళ్లలో చేరేవారు పెరగాలి. “మా వంతు” కోసమే అయితే వీటిలో దేనికీ చలనం ఉండదు.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి పరీక్షకు పనికొచ్చేది ఒకటుంది. పదహారేళ్లు నిండనివారిని చేర్చుకోవద్దన్న నియమం అందరి నోటా పడింది. దానికంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఫీజు మొత్తం కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి ఫీజునూ హాస్టల్ డబ్బునూ పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మార్గదర్శకం చట్టం కాదు, అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. అది నిజంగా అమలైన చోట దసరా సెలవులకు ఇంటికొచ్చి “నేనిక వెళ్లను నాన్నా” అనే అమ్మాయికి, ఆ ఇంట్లో “కట్టిన డబ్బు?” అన్న ప్రశ్న ఎదురుకాదు. అప్పుడు కూడా ఆమెను తిరిగి బస్సెక్కిస్తే, ఆమెను పంపుతున్నది పోయిన డబ్బు కాదని తెలుస్తుంది.